గ్యాస్ మంటలో వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

గ్యాస్ అణువుల్లోని బంధాల్లో శక్తి దాగి ఉంటుందని, మండేటప్పుడు ఆ బంధాలు తెగి శక్తి వేడిగా బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. వినడానికి సబబుగానే ఉన్నా, ఇది అసలు విషయానికి సరిగ్గా తలకిందులు. ఏ రసాయన బంధాన్ని తెంచాలన్నా బయటి నుంచి శక్తి ఇవ్వాల్సిందే. శక్తి విడుదలయ్యేది కొత్త బంధం ఏర్పడేటప్పుడు.

అతుక్కుని ఉన్న రెండు అయస్కాంతాలను గుర్తు చేసుకోండి. వాటిని విడదీయాలంటే మనం బలం ఉపయోగించాలి. దగ్గరకు తెచ్చి వదిలేస్తే అవే టక్కుమని అతుక్కుంటాయి. ఆ చప్పుడు, ఆ తాకిడిలో పుట్టే కొద్దిపాటి వేడి వాటి కలయిక వల్ల వచ్చినవే. పరమాణువుల విషయంలో పనిచేసే బలాలు వేరు కానీ, శక్తి లెక్క మాత్రం ఇలాగే ఉంటుంది.

ఒక మోల్ బంధాలను వాయుస్థితిలో తెంచడానికి కావలసిన శక్తిని బంధ శక్తి అంటారు. అదే బంధం ఏర్పడితే అంతే శక్తి బయటికి వస్తుంది. అందుకే చర్యోష్ణం లెక్క ఇంటి జమాఖర్చులా ఉంటుంది:

ΔH = తెగిన బంధాల శక్తి మొత్తం − ఏర్పడిన బంధాల శక్తి మొత్తం

జవాబు మైనస్‌లో వస్తే ఖర్చు కన్నా రాబడి ఎక్కువని అర్థం. మిగిలిన శక్తి వేడిగా బయటికి వస్తుంది కాబట్టి అది ఉష్ణమోచక చర్య. ప్లస్‌లో వస్తే ఆ లోటును పరిసరాల నుంచి తీసుకుంటుంది కాబట్టి అది ఉష్ణగ్రాహక చర్య.

మీథేన్ లెక్క

పైపుల ద్వారా ఇళ్లకు వచ్చే సహజ వాయువులోనూ, గోబర్ గ్యాస్‌లోనూ మండే ముఖ్య పదార్థం మీథేన్. ఇది మండే చర్యకు తుల్య సమీకరణం:

CH4 + 2O2 → CO2 + 2H2O

ఇప్పుడు బంధాలను లెక్కపెట్టాలి. సమీకరణం చూసి నేరుగా లెక్కపెట్టకుండా ప్రతి అణువు బొమ్మ గీసుకుంటే పొరపాట్లు తగ్గుతాయి. విలువలన్నీ మోల్‌కు కిలోజౌల్స్‌లో ఉన్నాయి.

తెగేవి:
- C–H బంధాలు నాలుగు: 4 × 413 = 1,652
- O=O బంధాలు రెండు: 2 × 498 = 996
- మొత్తం: 2,648

ఏర్పడేవి:
- CO2లో C=O బంధాలు రెండు: 2 × 799 = 1,598
- రెండు నీటి అణువుల్లో O–H బంధాలు నాలుగు: 4 × 463 = 1,852
- మొత్తం: 3,450

ΔH = 2,648 − 3,450 = −802 కిలోజౌల్స్.

అంటే ఒక మోల్, అనగా 16 గ్రాముల మీథేన్ మండితే 802 కిలోజౌల్స్ వేడి వస్తుంది. అదంతా వృథా కాకుండా నీటికే చేరితే, 30 డిగ్రీల దగ్గర ఉన్న రెండున్నర లీటర్లకు పైగా నీళ్లు మరిగే స్థాయికి వేడెక్కుతాయి.

లైటర్ నిప్పురవ్వ ఎందుకు కావాలో కూడా ఈ జమాఖర్చు చెబుతుంది. రాబడి ఎంత ఉన్నా ముందు కొంత పెట్టుబడి పెట్టక తప్పదు. మొదటి కొన్ని బంధాలను సడలించే పని నిప్పురవ్వది. ఆ తర్వాత చర్యలో వచ్చిన వేడే పక్క అణువులకు పెట్టుబడి అవుతుంది.

జవాబు తప్పిందని ఎలా తెలుస్తుంది?

మొదట చూడాల్సింది గుర్తు. మంట లెక్కలో ప్లస్ వచ్చిందంటే తీసివేతను తిరగేసి ఉండాలి, లేదా నీటి అణువులో రెండు O–H బంధాలున్న సంగతి మరిచి ఉండాలి.

మూడో పొరపాటు పట్టికలో దాగి ఉంటుంది. చాలా పట్టికల్లో C=O బంధానికి 745 అని ఉంటుంది. అది ఆల్డిహైడ్లు, కీటోన్ల వంటి సమ్మేళనాలకు సరిపోయే సగటు విలువ. CO2లోని బంధం అంతకన్నా బలమైనది. 745 వాడితే జవాబు −694కు పడిపోతుంది. ఒక్క విలువ మారినందుకు 108 కిలోజౌల్స్ తేడా వచ్చింది.

మరో సందేహం కూడా రావచ్చు. పుస్తకాల్లో మీథేన్ దహనోష్ణం −890 అని ఉంటుంది. మన లెక్కకు, దానికి 88 తేడా ఎందుకు? బంధ శక్తులు వాయుస్థితికే వర్తిస్తాయి కాబట్టి మన లెక్కలో నీరు ఆవిరిగా ఉంది. ఆ ఆవిరి చల్లబడి నీరుగా మారితే మోల్‌కు మరో 44 కిలోజౌల్స్ విడుదలవుతాయి. రెండు మోల్‌లకు 88. రెండు సంఖ్యలూ సరైనవే. నీరు ఏ స్థితిలో ఉందో సమీకరణంలో రాయకపోతే మాత్రం గందరగోళం తప్పదు.

ఆక్సిజన్ పాత్ర

ఇప్పుడు లెక్కను మరోసారి చూడండి. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులను కలిపి ఉంచే బంధం విలువ 498. ద్వి బంధమే అయినా అంత బలమైనది కాదు. మండిన తర్వాత ఒక్కో ఆక్సిజన్ పరమాణువు CO2లో 799 విలువ గల బంధంలో, లేదా నీటిలో రెండు O–H బంధాలు కలిపి 926 విలువ గల పట్టులో స్థిరపడుతుంది. బలహీనమైన బంధం నుంచి బలమైన బంధాలకు మారడం వల్లే ఈ వేడి వస్తుంది. అందుకే వేడిని గ్యాస్ ఒక్కదాని ఖాతాలో వేయడం సరికాదు.

దీనికి సాక్ష్యం కొలతల్లోనే ఉంది. దహనోష్ణాన్ని ఖర్చైన ఆక్సిజన్ మోల్‌లతో భాగిస్తే మీథేన్‌కు 445, ప్రొపేన్‌కు 444, ఇథనాల్‌కు 456 కిలోజౌల్స్ వస్తాయి. ఇంధనాలు వేరైనా ఆక్సిజన్ లెక్కన వేడి దాదాపు ఒకటే. అగ్నిప్రమాదాలపై పరిశోధన చేసేవారు ఖర్చైన ఆక్సిజన్‌ను కొలిచి మంట తీవ్రతను అంచనా వేసేది ఈ ఆధారంతోనే.

గాలిలో నైట్రోజన్ ఎందుకు మండదు?

గాలిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నైట్రోజనే. పక్కనే ఆక్సిజన్ ఉంది, మంటా ఉంది. మరి అది ఎందుకు మండదు? లెక్క వేద్దాం.

N2 + O2 → 2NO

తెగేవి: 945 + 498 = 1,443. ఏర్పడేవి: 2 × 631 = 1,262.

ΔH = +181 కిలోజౌల్స్.

నైట్రోజన్ త్రిబంధం ఎంత గట్టిదంటే, దాన్ని తెంచడానికి అయిన ఖర్చు కొత్త బంధాలతో తిరిగి రాదు. ఈ చర్య తన వేడితో తాను కొనసాగలేదు. కానీ మెరుపులో, వాహనాల ఇంజిన్లలో, దాదాపు 1,500 డిగ్రీలు దాటిన మంటల్లో బయటి వేడిని తీసుకుని కొంత మేర జరుగుతుంది. నగరాల గాలిని పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లలో కొంత భాగం ఇలా పుట్టిందే.

ఈ పద్ధతికి పరిమితి కూడా ఉంది. మీథేన్ నుంచి మొదటి హైడ్రోజన్‌ను విడదీయడానికి 439 కావాలి, చివరిదానికి 338 చాలు. పట్టికలోని 413 అనేది ఎన్నో సమ్మేళనాల సగటు. కాబట్టి బంధ శక్తులతో వచ్చే జవాబు అంచనా మాత్రమే. కచ్చితమైన విలువ కావాలంటే కెలోరీమీటర్ కొలతలనో, సంశ్లేషణోష్ణాలనో ఆశ్రయించాలి.

మీరే ఒక లెక్క చేసి చూడండి: 2H2 + O2 → 2H2O. H–H బంధ శక్తి 436. మిగతా విలువలు పైన ఉన్నాయి. నీరు ఆవిరిగా ఉందనుకుంటే −482 రావాలి. కొలిచిన విలువ −484.