కొత్త సంవత్సరం తీర్మానాలు, స్పోకెన్ ఇంగ్లిష్ అడ్మిషన్లు: అపోహలు – వాస్తవాలు

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే అమీర్‌పేటలోనూ, విజయవాడ, విశాఖల్లోనూ స్పోకెన్ ఇంగ్లిష్ ఫ్లెక్సీలు కొత్తగా లేస్తాయి. ‘ఈ ఏడాదైనా ఇంగ్లిష్ మాట్లాడాలి’ అని చాలామంది గట్టిగా అనుకునే రోజులవి. ఫోన్లు మోగుతాయి, ఫీజు అడుగుతారు, ‘మళ్లీ చేస్తాం సార్’ అని పెట్టేస్తారు. ఆ తీర్మానాన్ని అడ్మిషన్‌గా మార్చే విషయంలో ఇన్‌స్టిట్యూట్లు నడిపేవారికి కొన్ని అపోహలున్నాయి.

అపోహ: జనవరి మొదటి వారంలోనే బ్యాచ్ మొదలుపెట్టాలి.

వాస్తవం: కొత్త ఏడాది ఊపు నిజమే. కొత్త వారం, కొత్త నెల, కొత్త సంవత్సరం మొదట్లో జనం జిమ్ముకు ఎక్కువగా వెళ్తారని హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. కానీ మనకు ఆ వెంటనే సంక్రాంతి వస్తుంది. 2న మొదలైన బ్యాచ్‌లో పట్టుమని పది క్లాసులైనా కాకముందే అందరూ ఊళ్లకు వెళ్లిపోతారు. తిరిగొచ్చాక సగం మరిచిపోయామని కొందరు ఇక రారు. అందుకే పేర్లు రాసుకోవడం, డెమో క్లాసులు పండక్కి ముందు పెట్టుకుని, బ్యాచ్‌ను కనుమ తర్వాతి సోమవారం మొదలుపెట్టడం మేలు. ఈలోగా ఊపు చల్లారకుండా ఒక చిన్న పని ఇవ్వాలి. పండగ ఎలా జరిగిందో ఇంగ్లిష్‌లో ఒక్క నిమిషం వాయిస్ మెసేజ్ పంపమంటే చాలు.

అపోహ: ‘30 రోజుల్లో అనర్గళంగా’ అంటేనే జనం వస్తారు.

వాస్తవం: రోజుకు గంట చొప్పున 30 రోజులంటే 30 గంటలు. కేంబ్రిడ్జ్ ఇంగ్లిష్ అంచనా ప్రకారం మొదటి నుంచి నేర్చుకునేవారు ఎ2 స్థాయికి చేరడానికే సుమారు 180–200 గంటల బోధన కావాలి. మనవాళ్లలో చాలామందికి బడిలో నేర్చుకున్న ఇంగ్లిష్ ఉంటుంది కాబట్టి మాట్లాడే చొరవ త్వరగానే వస్తుంది, అనర్గళత మాత్రం రాదు. పైగా కోచింగ్ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. తప్పుడు హామీలూ, లేని కొరతను ఉన్నట్టు చూపి తొందరపెట్టడమూ వాటి ప్రకారం కుదరవు.

అపోహ: లక్ష్యం రాయించి, ఫోన్ నంబరు తీసుకుంటే సగం పనైనట్టే.

వాస్తవం: ‘ఇంగ్లిష్ బాగా రావాలి’ అని రాసిన కార్డు ఎందుకూ పనికిరాదు. ఎవరితో, ఎక్కడ, ఎప్పటికి అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఉదాహరణకు, బట్టల షాపులో పనిచేసే ఒక తల్లి వచ్చిందనుకోండి. కాస్త కదిపితే అసలు సంగతి చెబుతుంది: ‘పాప స్కూల్లో మీటింగ్‌కి వెళ్తే టీచర్‌తో ఒక్క మాటా మాట్లాడలేకపోతున్నానండీ.’ వచ్చే మీటింగ్ ఫిబ్రవరి చివర్లో ఉందంటే ఆమె కార్డు మీద ‘ఫిబ్రవరి చివరికి, పాప టీచర్‌తో, ఐదు నిమిషాలు’ అని రాయించాలి. షాపు పదకొండింటికి తెరుస్తారు కాబట్టి తొమ్మిదింటి బ్యాచ్ ఆమెకు వీలవుతుంది. డెమోలో గ్రామర్ చెప్పకుండా, ‘మా పాప లెక్కల్లో ఎలా ఉంది?’ అన్న ఒక్క ప్రశ్ననే ఇంగ్లిష్‌లో అడిగించి, ఆమె గొంతును ఆమె ఫోన్‌లోనే రికార్డు చేయించాలి. ఆమె అడగగలిగితే ఫీజు మాట దానంతటదే వస్తుంది. ఆరు వారాల్లో ఐదు నిమిషాల సంభాషణ సాధ్యమే, ఆ హామీ ధైర్యంగా ఇవ్వొచ్చు.

అపోహ: ‘చివరి 5 సీట్లే’ అంటే గానీ జనం కదలరు.

వాస్తవం: నిజంగా పరిమితి ఉంటే కారణంతో సహా చెప్పండి. గంట క్లాసులో అరగంట టీచరే మాట్లాడితే, 15 మంది ఉన్న బ్యాచ్‌లో ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలు. 30 మంది ఉంటే ఒక్క నిమిషం. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే చాలు. ప్రతి నెలా ‘చివరి 5 సీట్లు’ అనే ఫ్లెక్సీని అదే వీధిలో నడిచేవారు ఎప్పుడో నమ్మడం మానేశారు.

అపోహ: ఫీజు కట్టగానే ప్రచారం ముగిసినట్టే.

వాస్తవం: మూడో వారంలో హాజరు పట్టీ చూడండి. వరసగా రెండు రోజులు రానివారికి ఆ సాయంత్రమే ఫోన్ చేసి, కార్డు మీద వారు రాసిన మాటే గుర్తుచేయాలి. ఫీజును రెండు వాయిదాలుగా పెడితే రెండో వాయిదా ఎందరు కట్టారన్నదే అసలు పరీక్ష. జనవరిలో వచ్చిన ఫారాలను కాదు, ఫిబ్రవరి చివర్లో క్లాసులో మాట్లాడుతున్నవారిని లెక్కపెట్టండి. వచ్చే డిసెంబరులో మీ గురించి ఊళ్లో చెప్పేది వాళ్లే.