పంపినవాడి పేరు మాత్రమే చదివే కాపలాదారు

1984లో లెనార్డ్ బొసాక్, శాండీ లెర్నర్ సిస్కో కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ రౌటర్లలో అన్నిటికంటే పాత వడపోత సాధనం స్టాండర్డ్ యాక్సెస్ లిస్ట్. దానికి 1 నుంచి 99 వరకు నంబర్లు కేటాయించారు. అది ప్యాకెట్‌లో చూసేది ఒక్కటే, ఎవరు పంపారన్నది. ఉత్తరం కవరు మీద ఫ్రమ్ అడ్రసు చదివి, టు అడ్రసు వైపు కన్నెత్తి చూడని కాపలాదారు లాంటిది. 100 నుంచి 199 వరకు నంబర్లున్న ఎక్స్‌టెండెడ్ లిస్ట్ రెండు అడ్రసులూ చదువుతుంది. అడిగితే ప్రోటోకాల్, పోర్టు నంబరు కూడా చూస్తుంది. ఏ లిస్టును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది.

ఒక కాలేజీ నెట్‌వర్క్ తీసుకుందాం. విద్యార్థుల ల్యాబ్ 192.168.10.0 నెట్‌వర్క్‌లో ఉంది, దాని రౌటరు R1. అకౌంట్స్ సర్వరు 192.168.30.5, అది R3 వెనక ఉంది. ఇంటర్నెట్, లైబ్రరీ ఈ రెండు రౌటర్లకూ మధ్యలో ఉన్నాయి. ల్యాబ్ నుంచి అకౌంట్స్ వైపు ఎవరూ వెళ్లకూడదు.

స్టాండర్డ్ లిస్ట్ అయితే రెండు వరసలు చాలు:

```
access-list 10 deny 192.168.10.0 0.0.0.255
access-list 10 permit any
```

రెండో వరస మరిచిపోకూడదు. ప్రతి లిస్టు చివరా కంటికి కనబడని "అన్నీ ఆపు" అనే వరస ఒకటి ఉంటుంది. పైనుంచి చదువుతూ మొదట సరిపోయిన వరస దగ్గరే రౌటరు ఆగిపోతుంది. ఏదీ సరిపోకపోతే ప్యాకెట్‌ను పారేస్తుంది.

ఈ లిస్టును R1 మీద, ల్యాబ్ వైపు నుంచి లోపలికి వచ్చే దారిలో పెడితే ఏమవుతుంది? విద్యార్థి లైబ్రరీకి పంపినదీ, ఇంటర్నెట్‌కు పంపినదీ, అకౌంట్స్‌కు పంపినదీ దానికి ఒక్కలాగే కనిపిస్తాయి. ల్యాబ్ మొత్తం మూగబోతుంది. అందుకే దీన్ని గమ్యం దగ్గర, R3 నుంచి అకౌంట్స్ వైపు బయటికి వెళ్లే ఇంటర్‌ఫేస్ మీద పెడతారు. అక్కడిదాకా వచ్చిన ప్యాకెట్ ఎటు వెళుతోందో దాని దారే చెబుతుంది. లిస్టుకు తెలియని సంగతిని అది నిలబడిన చోటు పూరిస్తుందన్నమాట. అయినా మొరటుతనం పూర్తిగా పోదు. అదే నెట్‌వర్క్‌లో ఫలితాల సర్వరు కూడా ఉంటే విద్యార్థులకు అదీ అందదు.

ఎక్స్‌టెండెడ్ లిస్టుకు ఆ ఇబ్బంది లేదు:

```
access-list 110 deny ip 192.168.10.0 0.0.0.255 host 192.168.30.5
access-list 110 permit ip any any
interface GigabitEthernet0/0
 ip access-group 110 in
```

దీన్ని R1 మీద, ల్యాబ్ పక్కనే పెట్టవచ్చు. ఎలాగూ పారేయబోయే ప్యాకెట్‌ను మధ్యలోని లింకుల మీదుగా మోసుకెళ్లడం దండగ కదా. పైగా లోపలికి వచ్చే దారిలో పెట్టిన లిస్టు, ఎటు పంపాలో రౌటరు వెతకకముందే ప్యాకెట్‌ను ఆపేస్తుంది.

ఇక 0.0.0.255 సంగతి. ఇదే వైల్డ్‌కార్డ్ మాస్క్. ఇందులో 0 ఉన్న బిట్టు తప్పక సరిపోవాలి, 1 ఉన్న బిట్టు ఏదైనా ఫరవాలేదు. సబ్‌నెట్ మాస్క్‌కు ఇది తలకిందులు. 255.255.255.255 లోంచి సబ్‌నెట్ మాస్క్‌ను తీసేస్తే వస్తుంది. నాకు దీనిలో నచ్చే సంగతి, 0లు వరసగా ఉండనక్కర్లేదన్నది. 0.0.0.254 అని రాస్తే చివరి భాగంలో ఆఖరి బిట్టును ఒక్కదాన్నే రౌటరు పట్టించుకుంటుంది. 192.168.10.0 పక్కన అది ఉంటే ఆ నెట్‌వర్క్‌లోని సరి సంఖ్యల అడ్రసులన్నీ ఒకే వరసకు దొరుకుతాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా పడే గోతి కూడా ఇక్కడే ఉంది. అలవాటు కొద్దీ `deny 192.168.10.0 255.255.255.0` అని కొడతారు. రౌటరు తప్పు అనదు, తీసుకుంటుంది. మొదటి మూడు భాగాలు ఏవైనా సరే, చివరిది మాత్రం 0 కావాలని దాని అర్థం. ల్యాబ్‌లో ఏ కంప్యూటరుకూ 0తో ముగిసే అడ్రసు ఉండదు కనుక ఎవరూ ఆగరు. `show access-lists` కొట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది. రాసిన అడ్రసు 0.0.0.0గా మారి ఉంటుంది. ల్యాబ్ నుంచి ఎంత ప్రయత్నించినా `deny` వరస పక్కన లెక్క కదలదు, కింద `permit` దగ్గర మాత్రం పెరుగుతూ పోతుంది.

ఎక్స్‌టెండెడ్ లిస్టు మూలం దగ్గర, స్టాండర్డ్ లిస్టు గమ్యం దగ్గర అన్న సూత్రం, దారిలోని రౌటర్లన్నీ మన చేతిలో ఉన్నప్పుడే చెల్లుతుంది. బయటి ఇంటర్నెట్ నుంచి వచ్చే రద్దీకి మూలం మనది కాదు. అప్పుడు ఎక్స్‌టెండెడ్ లిస్టునైనా మన అంచు రౌటరు మీదే పెట్టుకోవాలి. అలాగే ఇరవై శాఖల నుంచి ఒకే సర్వరుకు దారి మూయాలంటే, ఇరవై చోట్ల ఒకే లిస్టు రాసి, మార్పు వచ్చినప్పుడల్లా ఇరవై చోట్లా సరిచేయడం కంటే సర్వరు దగ్గర ఒక్కటి రాసుకోవడం నయమని నా అభిప్రాయం. లింకుల మీద కాస్త వృథా రద్దీ పడినా, ఒక రౌటరులో మార్చి ఇంకోదాంట్లో మరిచిపోయే ప్రమాదం ఉండదు.