తోట మామిడికి ముందే బయానా

విశాఖపట్నంలో ద్వారకా నగర్. అక్కడ ఒక సందులో ఐదుగురు ఆడవాళ్లు ఉన్నారు. అందరూ ఒకే పొదుపు సంఘం వాళ్లు. ఒకరోజు వాళ్ల ఫోన్లకు ఒక ప్రకటన వచ్చింది. పంపింది విజయనగరం వైపు రైతు. అందులో ఇలా రాసి ఉంది.

"సువర్ణరేఖ మామిడి. తోట నుంచి నేరుగా మీకు. 5 కిలోల పెట్టె. ఒకటో రకం 500 రూపాయలు, కిలోకు 3 కాయలు. రెండో రకం 400 రూపాయలు, కిలోకు 4 లేక 5 కాయలు. మూడో రకం 300 రూపాయలు, చిన్న కాయలు. పెట్టెకు 100 బయానా. మే 10 నుంచి 14 లోపు పంపుతాము. కార్బైడు వేయము. తేడా ఉంటే వచ్చిన రోజే చెప్పాలి."

ఐదుగురూ కూర్చుని ప్రకటనను మాట మాటా చదివారు.

ఒకటో రకం, రెండో రకం అంటే తీపిలో తేడా కాదు. కాయ సైజులో తేడా. ఒకే చెట్టున రెండు రకాలూ కాస్తాయి. రసం తీసేవాళ్లకు రెండో రకం చాలు. ఇద్దరు ఒకటో రకం రాయించారు. ముగ్గురు రెండో రకం రాయించారు. మొత్తం 2,200 రూపాయలు. బయానా 500 పంపారు. మిగతా 1,700 కాయలు చూసుకున్నాక ఇస్తామన్నారు. రైతు సరే అన్నాడు.

పెద్దావిడకు ఒక అనుమానం వచ్చింది. "బాబూ, ఫలానా రోజు అని చెప్పవేం?" అని ఫోనులో అడిగింది.

"కాయ ముదరాలి కదమ్మా. వాన పడితే తడి కాయ కొయ్యం. అందుకే నాలుగైదు రోజులు అటూ ఇటూ పెట్టాను" అన్నాడు రైతు.

పెద్దావిడ మనవరాలి పుట్టినరోజు మే 20న. ఆమె వేళ్ల మీద లెక్క పెట్టింది. కాయలు 14న వస్తాయి. పండడానికి నాలుగు నుంచి ఆరు రోజులు. అంటే 18 నుంచి 20 లోపు పండుతాయి. సరిపోతుంది. పుట్టినరోజు 15న అయితే ఈ పెట్టె పనికిరాదు.

14న పొద్దున్న ఆర్టీసీ కాంప్లెక్సుకు పెట్టెలు వచ్చాయి. తెరిచి చూస్తే ఒక్కటీ పండు లేదు. అన్నీ రాళ్లలా గట్టిగా ఉన్నాయి. భుజం దగ్గర మాత్రం ఎర్రగా ఉంది. ఒకామె కంగారు పడింది. కంగారు అక్కర్లేదు. సువర్ణరేఖ కాయ పచ్చిగా ఉన్నప్పుడే భుజం ఎరుపెక్కుతుంది. ఆ ఎరుపు పండిన గుర్తు కాదు. కార్బైడుతో మాగపెట్టిన పండు పైకి రంగు తేలుతుంది, లోపల పులుపు పోదు. కార్బైడుతో మాగపెట్టడం చట్టం ప్రకారం నిషేధం. అందుకే తోట రైతు గట్టి కాయే పంపుతాడు.

కాయలు ఇంటికి తెచ్చాక మూడు పనులు చేశారు. కిరాణా కొట్లో తూయించారు. ప్రతి పెట్టెలో కాయలు 5 కిలోలు ఉన్నాయి. తర్వాత లెక్కపెట్టారు. ఒకటో రకంలో 15 చొప్పున ఉన్నాయి. రెండో రకంలో 20 నుంచి 25 ఉండాలి. రెండు పెట్టెల్లో 23 చొప్పున ఉన్నాయి. ఒక పెట్టెలో 31 ఉన్నాయి! తూకం సరిగ్గానే ఉంది. కాయలే చిన్నవి. అంటే మూడో రకం వచ్చింది. ఆఖరుకు బకెట్ నీళ్లలో నాలుగేసి కాయలు వేశారు. ముదిరిన కాయ మునుగుతుంది. లేత కాయ తేలుతుంది. లేత కాయ పండదు, ముడతలు పడుతుంది. అన్నీ మునిగాయి. వెంటనే తడి తుడిచేశారు.

ఆ రోజే రైతుకు ఫోన్ చేశారు. 31 కాయలు పరిచి ఫోటో పంపారు. "పెట్టె మారిందమ్మా, 100 తగ్గించి ఇవ్వండి" అన్నాడు. 1,600 ఇచ్చారు. మూడు రోజులు ఆగి చెబితే ఎవరూ వినరు. కాయ మాగేకొద్దీ తూకం కొంచెం తగ్గుతుంది. అప్పుడు ఎవరి మాట నిజమో తేలదు.

తర్వాత వరిగడ్డి పరిచి, తొడిమ కిందికి పెట్టి, ఒకే వరసలో పేర్చారు. ఒకదాని మీద ఒకటి వేస్తే కింది కాయ నలుగుతుంది. పచ్చి కాయను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. తోలు నల్లబడుతుంది, సరిగా పండదు. రోజూ ఒకసారి చూశారు. మచ్చ మెత్తబడిన కాయను వేరు చేశారు. అలాంటివి రెండు వచ్చాయి. పెట్టెకు ఒకటి రెండు అలా పోవడం మామూలే. సగం పెట్టె కుళ్లితే మామూలు కాదు. గాలివానకు రాలిన దెబ్బకాయలు పెట్టి ఉంటారు.

19న తొడిమ దగ్గర వాసన వచ్చింది. వేలితో నొక్కితే మెత్తగా తగిలింది. 20న మనవరాలికి పండు కోసి పెట్టారు.

మీరూ బయానా ఇచ్చే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: కిలోకు ఎన్ని కాయలు. ఏ రోజుల మధ్య వస్తాయి. బయానా ఎంత, మిగతా డబ్బు ఎప్పుడు. తేడా వస్తే ఎన్నాళ్లలో చెప్పాలి. గాలివానకు తోట రాలిపోతే బయానా తిరిగి ఇస్తారా. చివరి మాట ఈ ప్రకటనలో లేదు. దాన్ని ముందే అడిగి, జవాబు రాయించుకోవాలి.