తేలే మంచు కరిగితే సముద్రం పెరగదు.. నేల మీది మంచు కరిగితే ఎందుకు పెరుగుతుంది?

ధ్రువాల దగ్గర మంచు కరుగుతోంది, సముద్రమట్టం పెరుగుతోంది అని వార్తల్లో తరచూ వింటుంటాం. అయితే మంచు అంతా ఒకటి కాదు. ఉత్తర ధ్రువం దగ్గర ఉన్నది సముద్రం మీద తేలే మంచు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో నేల మీద పేరుకున్న మంచు ఉంది. మొదటిది మొత్తం కరిగినా సముద్రం దాదాపు అలాగే ఉంటుంది. రెండోది కరిగితే మాత్రం పెరుగుతుంది. ఈ తేడా ఎందుకో ఇంట్లో రెండు గ్లాసులతోనే చూడొచ్చు.

ఒక గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి రెండు మూడు మంచు ముక్కలు వేయండి. అవి అడుగుకు తగలకుండా తేలాలి. నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. రెండో గ్లాసులోనూ నీళ్లు పోసి గీత పెట్టండి. దాని మీద చాయ్ వడగట్టే జాలీ ఉంచి, అన్నే మంచు ముక్కలు జాలీలో వేయండి. గంటా గంటన్నరలో మంచు కరిగిపోతుంది. మొదటి గ్లాసులో నీళ్లు గీత దగ్గరే ఉంటాయి, రెండో గ్లాసులో గీత దాటి పైకొస్తాయి. గ్లాసు బయట చేరే తడిని చూసి నీళ్లు పొంగాయనుకోవద్దు. అది గాలిలోని తేమ.

మొదటి గ్లాసులో మట్టం ఎందుకు మారలేదు? తేలే వస్తువు ఏదైనా తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది. హైస్కూల్‌లో చదువుకున్న ఆర్కిమిడీస్ సూత్రం ఇదే. కిలో బరువున్న మంచు గడ్డను తీసుకోండి. నీరు గడ్డకట్టినప్పుడు కాస్త ఉబ్బుతుంది కాబట్టి దాని పరిమాణం సుమారు 1.09 లీటర్లు. అది తేలుతూ కిలో నీటిని, అంటే ఒక లీటరు నీటిని పక్కకు నెడుతుంది. అంటే గడ్డలో లీటరు భాగం మునిగి, మిగిలిన 90 మిల్లీలీటర్ల భాగం పైకి కనిపిస్తుంది. కరిగాక ఆ కిలో మంచు సరిగ్గా లీటరు నీరవుతుంది. తాను నీటిలో చేసుకున్న గుంతను తానే నింపేస్తుంది, అందుకే మట్టం కదలదు. పైకి కనిపించే ముక్క అదనపు నీరు అవుతుందేమో అనిపిస్తుంది గానీ, అది ఉబ్బిన భాగం మాత్రమే. కరిగితే ఆ ఉబ్బు పోతుంది.

సముద్రంలో ఈ లెక్కకు చిన్న సవరణ ఉంది. సముద్రపు నీరు ఉప్పుది కాబట్టి బరువెక్కువ. కిలో మంచు అక్కడ సుమారు 975 మిల్లీలీటర్ల నీటిని నెడితే సరిపోతుంది. కరిగాక వచ్చేది లీటరు మంచినీరు. అంటే తేలే మంచు కరిగితే దాదాపు రెండున్నర శాతం తేడా వస్తుంది. సున్నా అని గట్టిగా చెప్పలేం గానీ, నేల మీది మంచుతో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ.

ఇక జాలీలోని మంచు సంగతి. అది అంతకుముందు నీటిని ఏమాత్రం నెట్టలేదు. కాబట్టి దాని నుంచి వచ్చిన ప్రతి చుక్కా కొత్తగా చేరినట్టే. గ్రీన్‌లాండ్ మంచు పరిస్థితి ఇదే. ప్రపంచ సముద్రాలు ఎంత విశాలమంటే, వాటి మట్టం ఒక్క మిల్లీమీటరు పెరగాలంటే సుమారు 36,000 కోట్ల టన్నుల నీరు కావాలి. 2002 నుంచి ఉపగ్రహాలు గ్రీన్‌లాండ్ బరువులో వచ్చే మార్పును కొలుస్తున్నాయి. అక్కడ ఏటా సగటున దాదాపు 27,000 కోట్ల టన్నుల మంచు తగ్గిపోతోంది. భాగించి చూస్తే ఏడాదికి ముప్పావు మిల్లీమీటరు. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే సముద్రం 7 మీటర్ల పైనే పెరుగుతుంది. అయితే దానికి శతాబ్దాలు పడుతుంది.

ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. నేల మీది మంచు సముద్రమట్టాన్ని పెంచాలంటే కరగాల్సిన అవసరం కూడా లేదు. హిమానీనదం అంటే మెల్లగా జారే మంచు నది. దాని చివర విరిగి సముద్రంలో పడిన క్షణంలోనే మట్టం పెరుగుతుంది. నిండు గ్లాసులో మంచు ముక్క వేయగానే నీళ్లు పొర్లిపోతాయి కదా, అలాగన్నమాట. తర్వాత అది తేలుతూ కరిగినప్పుడు పెద్దగా మార్పేమీ ఉండదు.

మరి తేలే మంచు పోతే భయం లేదా? దీనికి జవాబు 2002లో అంటార్కిటికాలో దొరికింది. అక్కడి ద్వీపకల్పం తూర్పు తీరంలో లార్సెన్ బి అనే ఐస్ షెల్ఫ్ ఉండేది. ఐస్ షెల్ఫ్ అంటే నేల మీది హిమానీనదాలు సముద్రంలోకి సాగి, తీరాన్ని అంటిపెట్టుకుని తేలే మందపాటి మంచు పలక. ఆ వేసవిలో దాని మీద కరిగిన నీరు గుంటలుగా నిలిచి పగుళ్లలోకి దిగింది. నీటి బరువుకు పగుళ్లు అడుగుదాకా చీలాయి. జనవరి చివర మొదలై సుమారు 35 రోజుల్లో 3,250 చదరపు కిలోమీటర్ల పలక ముక్కలైపోయింది. పాత జీహెచ్‌ఎంసీ పరిధికి అది అయిదు రెట్లు.

ఆ పలక మందం సుమారు 220 మీటర్లు. లెక్కేస్తే దాదాపు 65,000 కోట్ల టన్నుల మంచు. అదంతా నేల మీద నుంచి వచ్చి ఉంటే సముద్రం 1.8 మిల్లీమీటర్లు పెరిగేది. కానీ అది అప్పటికే తేలుతోంది. కాబట్టి ఉప్పునీటి తేడాతో వచ్చే పెరుగుదల మొత్తం కరిగాక కూడా 0.05 మిల్లీమీటర్లే.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. ఆ పలక వెనుక ఉన్న హిమానీనదాలకు అడ్డుగోడలా నిలిచి ఉండేది. గోడ పోయింది. హెక్టోరియా, గ్రీన్, ఇవాన్స్ అనే హిమానీనదాల వేగం 2003 నాటికి, 2000తో పోలిస్తే ఎనిమిది రెట్ల వరకు పెరిగింది. నేల మీది మంచు గబగబా సముద్రంలోకి జారసాగింది. దానికి కారణం ఆ ఏడాది ఎండ మాత్రమే కావచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. కానీ కొంచెం దక్షిణాన ఫ్లాస్క్, లెపార్డ్ అనే హిమానీనదాలున్నాయి. వాటి ముందు లార్సెన్ బిలో మిగిలిన ముక్క అప్పటికి అలాగే ఉంది. వాతావరణం ఒకటే అయినా వాటి వేగం పెరగలేదు. తేడా అడ్డుగోడ ఉండటం, లేకపోవటంలోనే ఉందని దాంతో తేలింది.

కొన్ని చోట్ల ఈ రెండు రకాలూ కలిసిపోతాయి. పశ్చిమ అంటార్కిటికాలో చాలా మంచు సముద్రమట్టం కంటే లోతున ఉన్న నేల మీద కూర్చుని ఉంది. గ్లాసు అడుగుకు తగిలి నిలబడిన మంచు ముక్క లాంటిదన్నమాట. అది కొంత నీటిని ఇప్పటికే నెట్టింది. అందువల్ల తేలడానికి సరిపోయేదానికంటే పైన అదనంగా ఉన్న మంచు మాత్రమే సముద్రాన్ని పెంచుతుంది. ఇంట్లో ప్రయోగం చేసినప్పుడు మొదటి గ్లాసులో మట్టం కాస్త పెరిగిందంటే, ముక్క అడుగుకు తగిలిందేమో చూడండి.

ఇకపై మంచు విరిగిందన్న వార్త కనిపిస్తే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: అది అప్పటికే తేలుతున్నదా, నేల మీద ఉన్నదా? తేలేదైతే రెండో ప్రశ్న కూడా వేసుకోవాలి: దాని వెనుక నేల మీద ఏం ఆగి ఉంది?