ముహూర్తం పెట్టాక పెళ్లికూతురికి మీ పేరు ఎవరు చెప్పాలి?

ముహూర్తం ఖాయమైతే ముందు ఫంక్షన్ హాలు, ఆ వెంటనే ఫొటోగ్రాఫరు, డెకరేషన్. చీరలు కొన్నాక జాకెట్ల మగ్గం వర్కు కోసం బొటిక్. చాలా ఇళ్లలో మేకప్ మాట వచ్చేది ఆ తర్వాతే. కాబట్టి పెళ్లిళ్లు కావాలనుకునే బ్యూటీషియన్ ముందుగా పరిచయం పెంచుకోవాల్సింది ఈ ముగ్గురితోనే.

వీళ్లలో బొటిక్ చాలా దగ్గరి దారి. కొలతలకు, ఫిటింగుకు పెళ్లికూతురు స్వయంగా వస్తుంది. అద్దం ముందు నిలబడ్డప్పుడే ‘మేకప్ ఎవరితో?’ అన్న మాట వస్తుంది. బొటిక్ ఆమెకు కావాల్సింది తన పనితనం కనిపించే ఫొటో. పూలజడ వేస్తే వీపు మీది మగ్గం వర్కు దాగిపోతుంది. జడ వేయకముందే, పెళ్లికూతురి అనుమతితో ఒక మంచి ఫొటో తీసి పంపితే, మీ పేరు ఆమెకు గుర్తుండిపోతుంది.

ఫొటోగ్రాఫరుకు కావాల్సింది సమయం. ముస్తాబు ఆలస్యమైతే ముహూర్తం ఆగదు, పెళ్లికూతురి విడి ఫొటోలే పోతాయి. ముహూర్తానికి గంట ముందే ఆమెను సిద్ధం చేసి అప్పగించండి. సిలికా ఎక్కువున్న పౌడర్ ఫ్లాష్ వెలుగులో తెల్లగా తేలుతుంది. అందుకే ట్రయల్ రోజునే ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకోవాలి. డెకరేషన్ వాళ్లు ఎక్కువగా మాట్లాడేది ఇంటి పెద్దలతో. అక్కడినుంచి విచారణలు తక్కువే వచ్చినా, స్టేజీ లైట్ల రంగు ముందే తెలుస్తుంది.

ఎవరు ఫోన్ చేసినా ‘మా పేరు ఎవరు చెప్పారండీ?’ అని అడిగి రాసుకోండి. ఒక సీజన్‌లో బొటిక్ నుంచి 10 ఫోన్లు వచ్చి 4 ఖాయమయ్యాయనుకుందాం. ఫొటోగ్రాఫరు నుంచి 5 వచ్చి 3, డెకరేషన్ నుంచి 8 వచ్చి ఒకటి. ఫోన్లు తక్కువైనా, ఫొటోగ్రాఫరు మాట మీద వచ్చినవాళ్లే ఎక్కువగా నిలిచారు. మీ సమయం ఎక్కడ పెట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది.

కమీషన్ అడిగేవాళ్లుంటారు. 15,000 రూపాయల ప్యాకేజీలో 10 శాతమంటే 1,500. అది మీ లాభంలోంచి ఇవ్వగలిగితేనే ఒప్పుకోండి. పెళ్లివారి బిల్లులో కలిపితే, తర్వాత ధరలు పోల్చి చూసుకున్న రోజున మీతోపాటు మీ పేరు చెప్పినవాళ్ల మాటా పోతుంది.

మంచి ముహూర్తం రోజున ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఒకేసారి వస్తాయి. మీకు ఖాళీ లేకపోతే అదే రోజు చెప్పేసి, పని తెలిసిన మరో బ్యూటీషియన్ నంబరు ఇవ్వండి. పరిచయాలకు అనువైన కాలం ఆషాఢం. పెళ్లిళ్లుండవు, వాళ్లకూ తీరిక. శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు ఒక బొటిక్‌తో, ఒక ఫొటోగ్రాఫరుతో మాట కలిపి, మొదటి పెళ్లిలో పనితనం చూపించండి.