పంపు ఎంత ఊగుతోందో భాగహారం చెబుతుంది

కర్మాగారంలో పెద్ద నీటి పంపు బాగోగులు చూడటానికి వచ్చే ఇంజినీరు చేతిలో బొటనవేలంత సెన్సారు ఒకటి ఉంటుంది. అడుగున ఉన్న అయస్కాంతంతో అది బేరింగు పెట్టె మీద టక్కున అతుక్కుంటుంది. దాని పేరు యాక్సిలరోమీటర్. అది కొలిచేది త్వరణాన్ని, అంటే వేగం ఎంత చురుగ్గా మారుతోందన్నది. ఇంజినీరుకు కావలసినవి మాత్రం వేరే రెండు: బేరింగు ఎంత వేగంతో కంపిస్తోంది, ఎంత దూరం ఊగుతోంది.

త్వరణం నుంచి వేగం రావాలంటే ఒకసారి ఇంటిగ్రేషన్ చేయాలి. వేగం నుంచి దూరం రావాలంటే ఇంకోసారి. ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్లకు ఈ పేరు వినగానే పేజీల కొద్దీ సూత్రాలు గుర్తొస్తాయి. ఇంజినీరు చేతిలోని అనలైజర్ ఆ సూత్రాల జోలికే పోదు. భాగహారం చేసి ఊరుకుంటుంది.

ఎలాగో చూడాలంటే ఒక్క తరంగాన్ని తీసుకుంటే చాలు. సైన్ తరంగాన్ని డిఫరెన్షియేట్ చేస్తే వచ్చేది కూడా అదే పౌనఃపున్యం గల సైన్ తరంగమే. మారేవి రెండే. దాని ఎత్తు ω రెట్లవుతుంది, మొత్తం తరంగం పావు ఆవృత్తి ముందుకు జరుగుతుంది. ఇక్కడ ω అంటే సెకనుకు ఎన్ని కంపనాలో ఆ సంఖ్యను 2πతో గుణిస్తే వచ్చేది. ఇంటిగ్రేట్ చేస్తే దీనికి తిరగేసి జరుగుతుంది: ఎత్తును ωతో భాగించాలి, తరంగాన్ని పావు ఆవృత్తి వెనక్కి జరపాలి. ఆ పావు ఆవృత్తి జరుపును సంకీర్ణ సంఖ్య i మోస్తుంది. (కరెంటుకు i అక్షరం ముందే ఇచ్చేసిన ఎలక్ట్రికల్ ఇంజినీర్లు దీన్ని j అని రాస్తారు.) అందుకే డిఫరెన్షియేషన్ అంటే iωతో గుణించడం, ఇంటిగ్రేషన్ అంటే iωతో భాగించడం.

కానీ పంపు కంపనం ఒక్క సైన్ తరంగం కాదు, ఎన్నో తరంగాల కలగాపులగం. వాటిని విడదీసే పని ఫూరియర్ పరివర్తనది. ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియర్ లోహంలో వేడి ఎలా పాకుతుందన్న ప్రశ్న మీద 1807లో సమర్పించిన పత్రంలోనూ, 1822లో అచ్చయిన గ్రంథంలోనూ ఈ విడదీత ఆలోచనను నిలబెట్టాడు. విడదీశాక ప్రతి తరంగాన్నీ దాని సొంత ωతో గుణించవచ్చు, భాగించవచ్చు. ఆ తర్వాత అన్నిటినీ మళ్లీ కలిపేస్తే సరి.

ఇప్పుడు మన పంపు లెక్క. దాన్ని తిప్పే రెండు పోల్స్ మోటారు, లోడు మీద నిమిషానికి 3,000 కన్నా కాస్త తక్కువే తిరుగుతుంది. లెక్క సులువు కోసం 3,000 అనుకుందాం. అంటే సెకనుకు 50 చుట్లు, ω విలువ 314. ఆ పౌనఃపున్యం దగ్గర సెన్సారు చూపిన త్వరణం శిఖర విలువ సెకను వర్గానికి 2 మీటర్లు అనుకుంటే, 2ను 314తో భాగించగా వేగం సెకనుకు 6.4 మిల్లీమీటర్లు వస్తుంది. ఇంకోసారి 314తో భాగిస్తే కదలిక ఒక్కో వైపుకు 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. కంపన ప్రమాణాల పట్టికలు వేగానికి శిఖర విలువను కాక ఆర్‌ఎంఎస్ విలువను వాడతాయి. 6.4ను 1.414తో భాగిస్తే 4.5. గట్టి పునాది మీద నిలిచిన పెద్ద యంత్రాలకు ఐఎస్ఓ 10816 ప్రమాణం గీసిన ముఖ్యమైన హద్దుల్లో ఒకటి సరిగ్గా ఇదే. అంటే ఈ పంపు గీత మీద నిలబడి ఉంది, ఇక కన్నేసి ఉంచాల్సిందే.

ఇదే కిటుకుతో యంత్రం ఎందుకు ఊగుతోందో కూడా చెప్పవచ్చు. పునాది మీది పంపును స్ప్రింగు మీది బరువుగా భావిస్తే దాని సమీకరణం mx″ + cx′ + kx = F. ఇందులో x′, x″ ఉన్నాయి కనుక ఇది అవకలన సమీకరణం. ప్రతి డాష్ స్థానంలో ఒక iω పెట్టగానే డాష్‌లన్నీ మాయమై X = F/(k − mω² + iωc) మిగులుతుంది. k, mω² సమానమైన చోట హారంలో చిన్న iωc ఒక్కటే మిగిలి, ఊపు ఒక్కసారిగా పెరుగుతుంది. అదే అనునాదం. దాన్ని కనిపెట్టడానికి తొమ్మిదో తరగతి బీజగణితం చాలు.

ఇంత సులువైన భాగహారంలో ఒక చిక్కుంది. ω చిన్నదయ్యే కొద్దీ భాగఫలం ఉబ్బిపోతుంది. వేడి పెట్టె మీద చల్లటి సెన్సారును అతికించగానే, అది ఉష్ణోగ్రతకు సర్దుకునేలోపు, దాని సంకేతం నెమ్మదిగా అటూ ఇటూ జారుతుంది. ఆ జారుడులో అర హెర్ట్జ్ దగ్గర 0.01 మీటర్ల బూటకపు త్వరణం ఉందనుకుందాం. పంపు అసలు త్వరణంలో అది రెండు వందల వంతు, ఎవరికీ కనపడదు. కానీ అక్కడ ω విలువ 3.14 మాత్రమే. రెండుసార్లు భాగిస్తే ఒక మిల్లీమీటరు కదలిక తేలుతుంది. అసలు కదలికకు యాభై రెట్లు! తెరమీది గ్రాఫు ఎడమ అంచున ఆకాశానికి లేచి, కుడివైపు వాలుగా దిగుతుంది. ఈ రంగంలోవాళ్లు దీన్ని స్కీ స్లోప్ అంటారు.

దాన్ని చూసి పంపు ఆపేయమనేవాడు కొత్తవాడు. అనుభవం ఉన్నవాళ్లు ముందు ఇంటిగ్రేట్ చేయని త్వరణం గ్రాఫును తెరుస్తారు. అక్కడ ఆ చోట చెప్పుకోదగ్గ శిఖరమేమీ లేకపోతే అనుమానం భాగహారం మీదికి పోతుంది. సెన్సారును కాసేపు అలాగే ఉంచి మళ్లీ కొలుస్తారు. వాలు తగ్గిపోతే అది వేడి చేసిన మాయ, అక్కడే నిలబడి ఉంటే ఆలోచించాలి. మామూలుగా నిమిషానికి 600 చుట్లకు పైగా తిరిగే యంత్రాల్లో 10 హెర్ట్జ్ కన్నా తక్కువ ఉన్నదాన్ని భాగహారానికి ముందే కోసేస్తారు. ఆ కోతలో నిజమైన నిదాన కంపనం ఉంటే అది కూడా పోతుంది.

సున్నా పౌనఃపున్యం దగ్గర సున్నాతో భాగించాలి, అది కుదరదు. ఇంటర్ పుస్తకంలో ప్రతి ఇంటిగ్రేషన్ చివరా తగిలించే ‘+ C’ ఇక్కడ ఈ రూపంలో ఎదురవుతుంది. పంపు మొదట ఎక్కడ నిలబడిందో త్వరణం చెప్పలేదు కనుక, అనలైజర్ ఆ పదాన్ని సున్నా చేసి, మధ్యస్థానం నుంచి ఊపును మాత్రమే చూపిస్తుంది.

మరి దూరాన్నే కొలిచి, ωతో గుణించుకుంటూ త్వరణానికి పోకూడదా? అప్పుడు తంటా కుడి అంచుకు మారుతుంది. దూరం కొలిచే పరికరంలో 5,000 హెర్ట్జ్ దగ్గర మైక్రాన్‌లో పదోవంతు రొద ఉన్నా, రెండుసార్లు గుణిస్తే అది సెకను వర్గానికి 99 మీటర్లవుతుంది. అసలు త్వరణం 2 మాత్రమేనని గుర్తుంచుకోవాలి. బేరింగు గోళాల మీద తొలి గాట్లు వినిపించేది ఇలాంటి ఎత్తైన పౌనఃపున్యాల్లోనే. అందుకే వాటిని వేగంగానో దూరంగానో మార్చకుండా త్వరణం గ్రాఫులోనే వెతుకుతారు. 1,500 హెర్ట్జ్ దగ్గర 2 మీటర్ల త్వరణం, వేగంగా మారేసరికి సెకనుకు 0.2 మిల్లీమీటరుకు కుంచించుకుపోయి కంటికి ఆనదు.

రెండో కొసన, తాండూరు, జగ్గయ్యపేట ప్రాంతాల్లోని సిమెంటు ఫ్యాక్టరీల కిల్న్ వంటివి ఉంటాయి. నిమిషానికి నాలుగు చుట్లు తిరిగే కిల్న్ ఒక మిల్లీమీటరు ఊగినా, పుట్టే త్వరణం సెకను వర్గానికి 0.0002 మీటర్లకు లోపే. సెన్సారు జారుడు దాన్ని యాభై రెట్లు ముంచేస్తుంది. అక్కడ భాగహారం కట్టిపెట్టి, దూరాన్ని నేరుగా చూపే డయల్ గేజీనో, లోహం దగ్గరకు రావడాన్ని పసిగట్టే ప్రాక్సిమిటీ ప్రోబ్‌నో బిగిస్తారు.