గుర్రాలన్నీ ఒకే రంగా? రుజువులో లోపం ఎక్కడ?

ఏ గుంపులోనైనా గుర్రాలన్నీ ఒకే రంగులో ఉంటాయని గణితానుగమనంతో ‘రుజువు’ చేసే ఒక ప్రసిద్ధ వాదం ఉంది. జార్జ్ పోల్యా 1954లో ప్రచురించిన పుస్తకంలో ఇదే వాదం గుర్రాలకు బదులు అమ్మాయిల కళ్ల రంగు గురించి కనిపిస్తుంది.

వాదం ఇలా సాగుతుంది. గుంపులో ఒకే గుర్రం ఉంటే చెప్పేదేముంది, రంగు ఒక్కటే. ఇక n గుర్రాలున్న ప్రతి గుంపూ ఒకే రంగులో ఉంటుందని అనుకుందాం. ఇప్పుడు n+1 గుర్రాలను వరుసగా నిలబెట్టి మొదటిదాన్ని పక్కకు తీస్తే, మిగిలిన n గుర్రాలదీ ఒకే రంగు. దాన్ని తిరిగి చేర్చి చివరిదాన్ని తీసినా అంతే. మధ్యలోని గుర్రాలు రెండు గుంపుల్లోనూ ఉన్నాయి కాబట్టి అన్నిటిదీ ఒకే రంగు.

చాలామంది ‘అనుకుందాం’ అన్న మాటనే అనుమానిస్తారు. కానీ అలా అనుకోవడం ఈ పద్ధతిలో న్యాయమే. అసలు లోపం ‘మధ్యలోని గుర్రాలు’ అన్నచోట ఉంది. మూడు గుర్రాలుంటే రెండోది రెండు గుంపుల్లోనూ ఉండి వాటిని కలుపుతుంది. రెండే ఉంటే? మొదటిదాన్ని తీస్తే రెండోది, రెండోదాన్ని తీస్తే మొదటిది మిగులుతుంది. ఉమ్మడి గుర్రమే లేదు.

అంటే ఒకటి నుంచి రెండుకు వేసే అడుగు ఒక్కటే తప్పు, ఆపై అడుగులన్నీ సరైనవే. ఏ రెండు గుర్రాలైనా ఒకే రంగులో ఉండి ఉంటే గుర్రాలన్నీ నిజంగానే ఒకే రంగులో ఉండేవి. ఒక నల్ల గుర్రం, ఒక తెల్ల గుర్రం పక్కపక్కన నిలిస్తే ఆ ఆధారం పోతుంది.